మాట్లాడలేనప్పుడు, ఎప్పుడు మాట్లాడగలరో చెప్పండి

శ్రీవారికి,

పక్క గదిలో ఉన్న మనిషికి ఉత్తరం రాయడం నాకే కొంత వింతగా ఉంది. అయినా ఎదురుగా కూర్చుని చెప్పబోతే నా గొంతు పెరుగుతుందని, అది పెరిగిన మరుక్షణం మీరు ఇక నోరు మెదపరని ఈ పదకొండేళ్ల కాపురంలో నాకు బాగా తెలిసివచ్చింది కనుక, మీరు తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా కాగితం మీద పెడుతున్నాను. నేను అడుగుతున్నది ఒక్కటే. గొడవ మధ్యలో మీకు మాట్లాడటం సాధ్యం కానప్పుడు మౌనంగా లేచి వెళ్లిపోకుండా, మళ్లీ ఎప్పుడు మాట్లాడగలరో చెప్పి వెళ్లండి. అప్పటికప్పుడే మాట్లాడి తీరాలని నేను పట్టుబట్టడం లేదు.

గత వారం జరిగినదే తీసుకుంటాను, ఎందుకంటే అది ఇద్దరికీ ఇంకా గుర్తుంది. ఆదివారం రాత్రి మీ తమ్ముడికి డబ్బు సర్దిన విషయం నాకు ముందుగా ఎందుకు చెప్పలేదని అడిగాను. మొదటి రెండు ప్రశ్నలకు మీరు సమాధానం చెప్పారు. మూడో ప్రశ్నకు చూపు కిందికి దించుకున్నారు. నాలుగోసారి అడిగేసరికి లేచి వెళ్లి గది తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఆ తరువాత సోమవారం, మంగళవారం, బుధవారం మధ్యాహ్నం వరకు మన మధ్య నడిచిన మాటలన్నీ బాబు ద్వారానే నడిచాయి. బుధవారం సాయంత్రం గీజరు పాడైందని మీరు మామూలు గొంతుతో చెప్పారు, నేనూ మామూలుగానే జవాబిచ్చాను, దాంతో ఇల్లు సర్దుకున్నట్టే కనిపించింది. కానీ డబ్బు సంగతి మాత్రం ఆదివారం రాత్రి ఎక్కడ ఆగిందో ఈనాటికీ అక్కడే ఉంది. మన గొడవలు చాలావరకు ఇలా తీరకుండానే ముగుస్తున్నాయి, అందుకే ప్రతి కొత్త గొడవలోనూ పాత గొడవలు మూడు నాలుగు కలిసి వస్తున్నాయి.

ఆ మూడు రోజులు నాకు ఎలా గడిచాయో మీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఎందుకంటే చెప్పే సమయానికి నాకు కోపం మాత్రమే మిగులుతుంది. మీరు తలుపు వేసుకున్నాక నేను మొదట చేసే పని మీ అలికిడి వినడం. కుర్చీ లాగిన చప్పుడు వినిపిస్తే బయటికి వస్తున్నారేమోనని అనుకుంటాను. ఫోనులో ఎవరితోనో మీరు మామూలుగా మాట్లాడుతుంటే, మాట్లాడే శక్తి ఉండి కూడా నాతోనే మాట్లాడటం లేదని మనసుకు గుచ్చుకుంటుంది. రాత్రికి కోపం తగ్గి భయం మొదలవుతుంది. ఈసారి ఇది ఒక పూటా, మూడు రోజులా, లేక తొమ్మిది రోజులు సాగిన ఆ సంవత్సరం లాంటిదా అన్నది తెలియకపోవడమే అందులో అన్నిటికంటే కష్టమైన భాగం. మౌనాన్ని నేను భరించగలను. దానికి గడువు లేకపోవడాన్ని భరించలేకపోతున్నాను.

ఇంతకాలం మీ మౌనాన్ని నేను శిక్షగానే అర్థం చేసుకున్నాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారని మీ ముఖం మీదే అన్నాను, అది మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఆ రోజు గమనించలేదు. ఈ మధ్య దంపతుల గొడవల మీద పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల గురించి చదివాను. వారు భార్యాభర్తలను కూర్చోబెట్టి, తగువులో ఉన్న విషయమే మాట్లాడుకోమని చెప్పి, అదే సమయంలో వారి గుండె వేగం వంటి శరీర లక్షణాలను కొలిచేవారట. పైకి బండలా కనిపించేవారి గుండె లోపల నిమిషానికి వందసార్లకు పైగా కొట్టుకుంటూ ఉండవచ్చునని, ఆ స్థితిలో ఎదుటివారి మాట సరిగ్గా చెవికెక్కదని, శరీరం నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలైనా పడుతుందని గాట్‌మన్ చెబుతారు. అలా మూగబోయేవారిలో ఎక్కువమంది పురుషులేనని కూడా ఆయన గమనించారు. అది చదివాక నాకు రెండేళ్ల కిందటి ఒక రాత్రి గుర్తుకొచ్చింది. గొడవ తరువాత మీరు మంచం అంచున కూర్చుని ఉంటే మీ చేతి వేళ్లు వణకడం నేను చూశాను, చూసి కూడా కోపంతో వణుకుతున్నారని అనుకున్నాను.

పుస్తకాల్లో రాసినదంతా మీకు వర్తిస్తుందని నేను తీర్పు చెప్పడం లేదు. మీ లోపల ఏం జరుగుతుందో మీరే చెప్పాలి. అది ఉక్కిరిబిక్కిరి కావడమా, ఏమన్నా తప్పవుతుందన్న భయమా, లేక నిజంగానే నాకు బుద్ధి చెప్పాలన్న కోపమా అన్నది మీ నోట వినాలని ఉంది. మూడోదే అయితే అది కూడా చెప్పండి. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ, ఊహించుకుంటూ ఉండటం కంటే నయమే.

ఇందులో నా తప్పు చిన్నదేమీ కాదు. మీరు లేచి వెళితే నేను వెనకే వస్తాను. తలుపు వేసుకుంటే తలుపు బయటనుంచి మాట్లాడతాను. అదీ ఫలించకపోతే ఫోనుకు ఒకదాని తరువాత ఒకటిగా సందేశాలు పంపుతాను. ఆదివారం రాత్రి పంపినవి తరువాత లెక్కపెట్టుకుంటే పదిహేడు వచ్చాయి, వాటిలో కనీసం ఐదింటికి నేను క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. డబ్బు గురించి మొదలైన మాటలోకి మన పెళ్లయిన కొత్తలో జరిగిన సంగతిని కూడా తవ్వి తెచ్చాను. మీరు వెనక్కి తగ్గినకొద్దీ నేను ముందుకు వస్తున్నాను, నేను ముందుకు వచ్చినకొద్దీ మీరు మరింత వెనక్కి తగ్గుతున్నారు, ఎవరు మొదలుపెట్టారన్నది ఇద్దరం రెండు రకాలుగా చెప్పుకుంటున్నాము. అందువల్ల మిమ్మల్ని మాత్రమే మారమని అడగడం న్యాయం కాదని నాకు తెలుసు.

కనుక నా ప్రతిపాదన ఇది. ఇక తట్టుకోలేనని మీకు అనిపించినప్పుడు, "ఇప్పుడు నా వల్ల కాదు, రాత్రి తొమ్మిదింటికి మాట్లాడతాను" అనండి. మాటలు ఇవే కానక్కర్లేదు కానీ అందులో సమయం ఉండాలి. "తరువాత చూద్దాం" అన్నది నాకు సమయం కింద లెక్కకు రాదు, ఎందుకంటే ఆ తరువాత ఎన్నడూ రాలేదు. నోటితో ఆ మాత్రం కూడా అనలేని స్థితిలో ఉంటే, గదిలోకి వెళ్లాక ఫోనులో "రేపు 8" అని పంపండి. కారణం, సంజాయిషీ ఏమీ రాయవద్దు, ఆ అంకె చాలు. అరగంట తరువాతో, మరునాటి సాయంత్రమో, ఎప్పుడన్నది పూర్తిగా మీ ఇష్టం, కానీ ఒక రోజు దాటకుండా చూడండి. పొద్దున్నే ఆఫీసు ఉన్న రోజున అర్ధరాత్రి దాకా మాట్లాడుకోవాలని నేనూ కోరుకోను.

మీరు సమయం చెప్పిన క్షణం నుంచి ఆ సమయం వచ్చే వరకు నేను మీ వెనక రాను, తలుపు తట్టను, ఆ విషయం మీద సందేశం పంపను, అత్తయ్యగారికో మా అక్కకో ఫోను చేసి చెప్పుకోను. ఆఖరిది నాకు కష్టమని మీకు తెలుసు, తెలిసే రాస్తున్నాను. ఆ మధ్య కాలంలో ఇంటి పనులకు, బాబు చదువుకు సంబంధించిన మాటలు ఇద్దరం నేరుగా, మామూలుగా మాట్లాడుకుందాము. మంగళవారం ఉదయం మీరు వాడితో "అమ్మను అడుగు" అన్నప్పుడు వాడు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు మనకు వార్తాహరుడు కాకూడదు.

చెప్పిన సమయానికి మాట మొదలుపెట్టవలసింది మీరే కావాలని నా కోరిక. ఇది గెలుపు కోసం అడుగుతున్నది కాదు. మీరే వచ్చి కూర్చుంటారన్న నమ్మకం కుదిరితే తప్ప, మధ్యలో నేను నిశ్శబ్దంగా ఉండలేను. ఆ సమయానికి కూడా మనసు నెమ్మదించకపోతే ఆ సంగతి చెప్పి మరో సమయం ఇవ్వండి, నేను ఒప్పుకుంటాను. విరామం అంతసేపూ నన్ను ఎలా ఓడించాలా అని నేను, మిమ్మల్ని ఎలా దొరకబుచ్చుకోవాలా అని మీరు... కాదు, తిరగేసి రాశాను, దొరకబుచ్చుకోవాలని చూసేది నేనే. ఏది ఏమైనా అలా వాదనలు పేర్చుకుంటూ కూర్చుంటే ఎవరి గుండే నెమ్మదించదు. మీరు నడకకు వెళ్లండి, పాటలు వినండి. నేను బట్టలు మడతపెట్టుకుంటాను.

మాట్లాడుకునేటప్పుడు ఒకసారికి ఒకే విషయం అన్న నియమం నాకు నేనే పెట్టుకుంటున్నాను. పాతవి తవ్వితే మీరు చెయ్యెత్తి ఆపండి, ఆపినందుకు నేను నొచ్చుకోను. నేను గొంతు పెంచినప్పుడు లేచి వెళ్లే బదులు, గొంతు పెరుగుతోందని ఒక్కసారి గుర్తు చేయండి. బహుశా మొదటి రెండు మూడు సార్లు ఇద్దరం తప్పుతాము. నేను తప్పిన రోజున కూడా మీరు సమయం చెప్పడం మానవద్దని, మీరు మరిచిన రోజున నేను వెనక పడకుండా "ఎప్పుడు?" అని ఒక్కసారే అడిగి ఊరుకుంటానని ఇప్పుడే అనుకుందాము.

ఇక తమ్ముడికి ఇచ్చిన డబ్బు సంగతి. ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. నాకు ముందుగా చెప్పకపోవడానికి కారణం మాత్రం తెలియాలి, ఇకమీద ఇలాంటివి ఇద్దరం ఎలా నిర్ణయించుకోవాలన్నది కూడా తేలాలి. నాకు గురువారం రాత్రి తొమ్మిది తరువాత, బాబు నిద్రపోయాక వీలవుతుంది. లేదా శనివారం ఉదయం, వాడు బొమ్మల క్లాసుకు వెళ్లిన రెండు గంటలు. ఈ రెండింటిలో మీకు ఏది అనువుగా ఉంటుందో రేపు రాత్రిలోగా చెప్పండి. ఉత్తరం గురించి ఇప్పుడే ఏమీ అనక్కర్లేదు.

మీ
భార్య