విద్యార్థుల సెల్‌ఫోన్ల గురించి తల్లిదండ్రులకు సర్క్యులర్

ప్రిన్సిపాల్ కార్యాలయం, తెనాలి
తేదీ: 16-06-2025
6 నుంచి 10వ తరగతి వరకు చదువుతున్న విద్యార్థుల తల్లిదండ్రులకు, సంరక్షకులకు

నమస్కారం.

జూన్ 23, సోమవారం నుంచి విద్యార్థులెవరూ సెల్‌ఫోన్‌తో బడికి రాకూడదు. గేటు లోపలికి వచ్చాక తరగతి గది, మైదానం, భోజనాల షెడ్డు, చివరికి మన స్కూలు బస్సు కూడా బడి కిందే లెక్క. సిమ్ వేసుకునే స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకులకూ ఇదే వర్తిస్తుంది. "సైలెంట్‌లో పెట్టి బ్యాగులో ఉంచుకుంటాడు లెండి" అని కొందరు అడిగారు. కుదరదు. సైలెంట్‌లో ఉన్నా, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా కెమెరా పనిచేస్తూనే ఉంటుంది. పైగా ఫోన్ బ్యాగులో ఉన్నంతసేపూ పిల్లవాడి ధ్యాస దాని మీదే ఉంటుంది.

ఇది మేం కొత్తగా పెట్టిన రూలు కాదు. బడుల్లో విద్యార్థులు ఫోన్లు వాడకూడదని రాష్ట్ర ప్రభుత్వం 2023 ఆగస్టులోనే ఆదేశాలిచ్చింది. టీచర్లు తరగతిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి మా టీచర్లు కూడా మొదటి పీరియడ్‌కు ముందే ఫోన్లు ఆఫీసులో పెట్టి వెళ్తారు. పిల్లలకొక న్యాయం, పెద్దలకొక న్యాయం ఉంటే ఈ రూలు వారం కూడా నిలవదు.

పిల్లల చేతికి మీరు ఫోన్ ఊరికే ఇవ్వడం లేదని మాకు తెలుసు. మీరు చెప్పే కారణాలు ముఖ్యంగా మూడు. వాటికి మేం చేసిన ఏర్పాట్లు ఇవి.

మొదటిది అత్యవసరం. ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు, నా సెల్ నంబరు డైరీ రెండో పేజీలో ఉన్నాయి. మీరు చెప్పిన మాట పది నిమిషాల్లో అటెండర్ ద్వారా పిల్లలకు చేరుతుంది. ఒంట్లో బాగాలేకపోయినా, అవసరమైన వస్తువు మరిచిపోయినా పిల్లలే ఆఫీసుకొచ్చి మీకు ఫోన్ చేసుకోవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. (క్యారేజీ తిన్నాడా లేదా అని కనుక్కోవడానికి మాత్రం దయచేసి చేయకండి. మధ్యాహ్నం ఆ లైను అలాంటి కాల్స్‌తోనే నిండిపోతే నిజంగా అవసరమైన కాల్ అందదు.) మీరు నేరుగా పిల్లలకే చేస్తే ఇంకో ఇబ్బంది ఉంది. ఇంట్లో ఎవరికో బాగాలేదన్న మాట తరగతి మధ్యలో, పక్కన పెద్దవాళ్లెవరూ లేనప్పుడు పిల్లవాడి చెవిన పడుతుంది.

రెండోది హోంవర్క్. వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ పెడుతూ, ఫోన్ వద్దనడం మా వైపు నుంచే తప్పు. ఇకపై హోంవర్క్ అంతా బోర్డు మీద రాస్తారు, పిల్లలు డైరీలో ఎక్కించుకుంటారు. గ్రూపులో సెలవులు, ఫీజు తేదీలు, బస్సు ఆలస్యం వంటి కబుర్లే వస్తాయి. బస్సు పదిహేను నిమిషాలకు మించి ఆలస్యమైతే బస్సు ఆయా దగ్గరున్న ఫోన్ నుంచి ఆ రూటు గ్రూపుకు మెసేజ్ వస్తుంది.

మూడోది సాయంత్రం ట్యూషన్. ఇందులో నిజం ఉంది. బడి నుంచి నేరుగా ట్యూషన్‌కు వెళ్లి, చీకటి పడ్డాక ఆర్టీసీ బస్సులోనో ఆటోలోనో ఇల్లు చేరే 8, 9, 10 తరగతుల పిల్లలకు మినహాయింపు ఇస్తున్నాం, అదీ కీప్యాడ్ ఫోన్‌కు మాత్రమే. మన బస్సులో వెళ్లే పిల్లలకు ఈ మినహాయింపు లేదు.

అనుమతి కావాలంటే తల్లిగానీ తండ్రిగానీ స్వయంగా ఆఫీసుకు రావాలి. పిల్లలతో చీటీ పంపితే తీసుకోం. జూన్ 18 నుంచి 21 వరకు సాయంత్రం 4 నుంచి 6 దాకా దరఖాస్తులు తీసుకుంటాం. ట్యూషన్ ఎక్కడ, ఎన్నింటికి అయిపోతుంది, ఇంటికి ఎలా వస్తారు అన్నవి రాయాలి. ఫోన్‌లో *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది, దాన్నీ రాయండి. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాయాలి. పది మంది దగ్గర ఒకే కంపెనీ, ఒకే రంగు ఫోన్ ఉన్నప్పుడు ఏది ఎవరిదో తేల్చేది ఈ నంబరే. ఎప్పుడైనా ఫోన్ పోతే ceir.gov.in లో బ్లాక్ చేయించడానికీ ఇదే కావాలి.

అనుమతి పొందినవారు ఉదయం 8:50 లోపు ఫోన్‌ను ఆఫీసులో అప్పగించి టోకెన్ తీసుకోవాలి. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి గుడ్డ సంచిలో పెట్టాలి. పాత జీన్స్ ముక్కతో ఇంట్లో కుట్టినా చాలు, పైన పేరు, తరగతి, సెక్షన్ చెరగని ఇంకుతో ఉండాలి. ఇంట్లోనే అలారాలన్నీ తీసేసి పంపండి. కొన్ని కీప్యాడ్ ఫోన్లలో స్విచ్ఛాఫ్ చేసినా అలారం మోగుతుంది, మూసిన బీరువాలోంచి మోత వస్తుంటే ఏ సంచిదో వెతకడం పెద్ద పని. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను తీసుకోం, అది నిప్పు ప్రమాదం. సాయంత్రం 4:10కి టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకోవాలి, గేటు దాటాకే ఆన్ చేయాలి. టోకెన్ పోతే రిజిస్టరులో సంతకం పెట్టి, ఐఎంఈఐ చివరి నాలుగు అంకెలు సరిచూసుకున్నాకే ఇస్తాం, అందుకు పది నిమిషాలు పట్టొచ్చు. టోకెన్ ఇచ్చి తీసుకున్న ఫోన్‌కు బాధ్యత మాది. చెప్పకుండా తెచ్చి పోగొట్టుకున్నదానికి మాది కాదు. పరీక్షల రోజుల్లో అనుమతి ఉన్నవారు కూడా ఫోన్ తేకూడదు.

చక్కెర వ్యాధి ఉన్న పిల్లల సెన్సర్, వినికిడి యంత్రం వంటివి ఫోన్‌తో కలిసి పనిచేస్తుంటే డాక్టర్ చీటీ తెచ్చి నన్ను కలవండి. ఆ ఫోన్ క్లాస్ టీచర్ దగ్గర, ఆన్‌లోనే ఉంటుంది.

అనుమతి లేని ఫోన్ దొరికితే పిల్లల చేతే స్విచ్ఛాఫ్ చేయించి, వాళ్ల ముందే కవర్లో పెట్టి అతికించి, రిజిస్టరులో రాస్తాం. మేం లాక్ తీయం, లోపల ఏముందో చూడం. మొదటిసారి అదే సాయంత్రం మీరు వచ్చి తీసుకెళ్లవచ్చు. రెండోసారి తల్లిదండ్రులూ, క్లాస్ టీచరూ, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాకే ఇస్తాం. మూడోసారి ఆ ఏడాదికి ట్యూషన్ మినహాయింపు కూడా పోతుంది. జరిమానా ఉండదు, కొట్టడం ఉండదు, టీసీ ఇచ్చి పంపడం ఉండదు. స్నేహితుడి ఫోన్ దాచిపెట్టినవారికీ ఇవే వర్తిస్తాయి. షూలోనూ క్యారేజీ సంచిలోనూ దాచే పద్ధతులు మాకు కొత్త కావు.

ఒక విషయంలో మాత్రం మెత్తగా ఉండలేం. తోటి పిల్లలనుగానీ టీచర్లనుగానీ చెప్పకుండా ఫొటో, వీడియో తీయడం, రీల్ చేసి పెట్టడం మొదటిసారే తీవ్రంగా తీసుకుంటాం. పిల్లల అసభ్య చిత్రాలు చేతికి వచ్చినవారు వాటిని "చూడండి ఎంత ఘోరమో" అంటూ ఇంకొకరికి పంపినా పోక్సో, ఐటీ చట్టాల కింద నేరమే. మాకు కూడా పంపకండి. ఫోన్‌లో ఏదీ చెరపకుండా అలాగే ఉంచి నేరుగా వచ్చి చెప్పండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. బిడ్డ భయపడుతూ ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాత్రీపగలూ పలుకుతుంది. ఆన్‌లైన్ ఆటల్లోనో లింకుల్లోనో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతా దాటకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

ఈ సర్క్యులర్‌తో జతచేసిన అంగీకార పత్రం మీద సంతకం చేసి జూన్ 20, శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు పంపండి. ఫోన్ తీసుకురాని పిల్లల తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాలి. చదవడం రానివారి కోసం 21వ తేదీ, శనివారం సాయంత్రం 4:30కి అసెంబ్లీ హాలులో దీన్ని చదివి వినిపిస్తాం. సందేహాలుంటే అక్కడే అడగవచ్చు.

ఇట్లు,
ప్రిన్సిపాల్