ఘాట్ రోడ్డు బస్సులో వడి, వేగం, త్వరణం

ఒడిశాలోని జయపురం బస్టాండులో కోరాపుట్ బస్సెక్కామనుకుందాం. ఘాట్ రోడ్డు మీద దూరం సుమారు 22 కిలోమీటర్లు. దారిలో ఆగినచోటల్లా ఆగుతూ బస్సు 44 నిమిషాలకు చేరింది. 22ను 44తో భాగించి 60తో గుణిస్తే గంటకు 30 కిలోమీటర్లు. ఇది సగటు వడి. ప్యాసింజర్ల కోసం ఆగిన నిమిషాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అందుకే మధ్యలో స్పీడోమీటర్ ముల్లు 50 దాటినా సగటు 30 దగ్గరే నిలిచింది.

వడికి దిక్కుతో పనిలేదు, వేగానికి ఉంది. కోరాపుట్ జయపురానికి దాదాపు తూర్పున, తిన్నగా కొలిస్తే 16 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మిగతాదంతా కొండ చుట్టూ తిరిగిన మెలికలే. ఆ 16 కిలోమీటర్లే స్థానభ్రంశం. దాన్ని అదే 44 నిమిషాలతో భాగిస్తే గంటకు సుమారు 22 కిలోమీటర్లు, తూర్పు వైపు. ఇది సగటు వేగం. సాయంత్రం అదే బస్సులో జయపురం తిరిగొచ్చేస్తే రోజు మొత్తానికి సగటు వేగం సున్నా. తిరిగిన దూరం మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి సగటు వడి సున్నా కాదు.

ఇక త్వరణం. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బస్సు జోరుగా పోతే త్వరణం ఎక్కువని రాసేస్తారు. తిన్నని రోడ్డు మీద గంటకు 60 దగ్గర ముల్లు కదలకుండా పోతున్న బస్సుకు త్వరణం సున్నా. వేగం మారితేనే త్వరణం. ఒక్కో సెకనుకు వేగం ఎంత మారిందన్నదే దాని విలువ. స్టాపులో కండక్టర్ విజిల్ వేశాక బస్సు 20 సెకన్లలో గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు అందుకుంటే త్వరణం 0.5 m/s². తర్వాతి స్టాపులో డ్రైవర్ అదే సెకనుకు 10 మీటర్ల నుంచి 5 సెకన్లలో ఆపేస్తే −2 m/s². బస్సు ముందుకే పోతోంది, త్వరణం వెనక్కి ఉంది. నిలబడ్డవాళ్లు ముందుకు తూలి రాడ్ పట్టుకునేది ఇందుకే.

ఘాట్ మలుపు దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడాలి. డ్రైవర్ గంటకు 18 కిలోమీటర్ల దగ్గర ముల్లును అలాగే ఉంచి బస్సును తిప్పుతున్నాడు. వడి మారలేదు. దిక్కు మారుతోంది కాబట్టి వేగం మారుతోంది, త్వరణం ఉంది! మలుపు వ్యాసార్థం 20 మీటర్లనుకోండి. 18 అంటే సెకనుకు 5 మీటర్లు. 5ను వర్గం చేసి 20తో భాగిస్తే 1.25 m/s², మలుపు కేంద్రం వైపు. స్టాపులో బయల్దేరినప్పటి త్వరణానికి ఇది రెండున్నర రెట్లు. మన ఒళ్లు మాత్రం తిన్నగానే పోవాలని చూస్తుంది, బస్సేమో లోపలికి తిరుగుతుంది. కాబట్టి బయటి వైపు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ల భుజానికి బస్సు గోడ ఒత్తుకుంటుంది. ఆ గోడ తోపే వాళ్లను బస్సుతో పాటు లోపలికి తిప్పేది.

అదే మలుపును గంటకు 36తో తిప్పితే త్వరణం ఎంతవుతుంది? రెట్టింపని తొందరపడి రాయకండి, వర్గం సంగతి చూసి లెక్క కట్టండి.