మీ రిసెప్షన్ ఫొటోల్లో బట్టల మార్పులు: ఏఐతో ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు

శ్రావణి గారూ, నమస్తే.

రిసెప్షన్ ఫొటోల్లో బట్టలు ఏఐతో మార్చమని మీరు పంపిన లిస్టూ, అలా మార్చి చూపించిన రీలూ చూశాను. టైలర్ గౌను టైముకి ఇవ్వకపోవడంతో రిసెప్షన్‌కి అప్పటికప్పుడు చీర కట్టుకోవాల్సి వచ్చిందని ఆ రోజే చెప్పారు. అందుకే ఈ మార్పులు మీకు ఎంత ముఖ్యమో తెలుసు. ఆల్బమ్ ప్రింట్‌కి వెళ్లేలోపే, నావల్ల ఏది అవుతుందో ఏది కాదో ఉన్నదున్నట్టు చెప్పాలని రాస్తున్నాను.

మీ వారి చొక్కా మీద చెమట మరకలు, మీ భుజం దగ్గర కనిపిస్తున్న సేఫ్టీ పిన్ను, మీ నాన్నగారి జేబులో ఎత్తుగా ఉన్న ఫోను, బ్లేజర్ మీద ముడతలు, ఇవన్నీ పోతాయి. చుట్టూ అదే బట్ట ఉంది కాబట్టి ఏఐ దాన్ని చూసి ఆ కాస్త చోటూ నింపేస్తుంది. ఆల్బమ్‌కి మీరు ఎంచుకున్న ఫొటోలన్నిటిలో చేసిస్తాను, వీటి గురించి టెన్షన్ పడకండి.

మెరూన్ చీరని బాటిల్ గ్రీన్ చేయమన్నారు. చీర వరకూ రంగు మార్చడం పెద్ద పని కాదు, చిక్కంతా ఆ రంగు ఇంకెక్కడెక్కడ పడిందన్న దాంట్లో ఉంది. 214వ ఫొటోని పెద్దది చేసి చూడండి. స్టేజీ లైటు చీరకి తగిలి, ఆ ఎరుపు మీ గడ్డం కింద, మెడ మీద, పక్కనే ఉన్న మీ వారి తెల్ల చొక్కా చేతి మీద లేతగా పడింది. చీర ఒక్కటే పచ్చగా మారి ఈ ఎరుపు అలాగే ఉండిపోతే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. దాన్ని ప్రతి ఫొటోలోనూ చేత్తోనే తీయాలి. గాజుల సందుల్లో, భుజం మీద పడ్డ జుట్టు పోగుల మధ్య కనిపించే చీరనీ అలాగే దిద్దాలి. అందుకని పెద్ద సైజులో వేసే 12 ఫొటోలకి గ్రీన్ చేయగలను, మొత్తం రిసెప్షన్‌కి కాదు. ముదురు వంకాయ రంగు మీకు నచ్చితే మాత్రం అది మెరూన్‌కి దగ్గరే కాబట్టి ఆల్బమ్ అంతా మార్చవచ్చు. నన్నడిగితే అదే బాగుంటుంది.

ఇక గౌను. చీర బదులు గౌను వేసినట్టు చూపించడం ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, కాదనను. మీ రెండు ఫొటోల మీద చేసి చూశాను, వాటిని ఈ మెయిల్‌కి జత చేశాను. దయచేసి ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరిచి చూడండి. మెడ దగ్గర ఎంబ్రాయిడరీ ఒకదాంట్లో ఆకుల్లా, ఇంకోదాంట్లో చుక్కల్లా వచ్చింది. ఏఐ ఏ ఫొటోకి ఆ ఫొటోనే కొత్తగా గీస్తుంది కాబట్టి, మీ గౌను ఫొటో ఇచ్చినా ఎంబ్రాయిడరీ అచ్చం అలాగే రాదు. కుచ్చిళ్లు పట్టుకున్న మీ చెయ్యి ఇప్పుడు ఊరికే గాల్లో ఉంది. పమిట కప్పిన ఎడమ భుజం కెమెరాకి కనిపించనే లేదు, అక్కడున్నది ఏఐ ఊహించిన భుజం. నడుము కూడా కాస్త సన్నబడింది. ఆ మనిషి మీరు కారు శ్రావణి గారూ, నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది అదే. పైగా నా ఫైలు వెడల్పు 6000 పిక్సెళ్లు. ఏఐ గీసే భాగం సాధారణంగా అంతకంటే చిన్నగా తయారై సాగుతుంది, పెద్ద పేజీలో మీ ముఖం స్పష్టంగా, బట్ట మసకగా వస్తుంది.

వీడియోలో గౌను మార్పు నేను చేయను. సెకనుకి 25 ఫ్రేములు ఉంటాయి, ఫ్రేము ఫ్రేముకీ డిజైన్ కదిలిపోతూ మినుకుమినుకుమంటుంది.

గ్రూప్ ఫొటోలో మీ కజిన్ డ్రెస్ మెడ కాస్త పైకి జరపమన్నారు. పని చిన్నదే, కానీ ముందు ఆమెని ఒక మాట అడగండి. ఆమె సరేనంటేనే చేస్తాను. అలాగే నేను వాడే టూల్‌లో ఫొటో ఆ కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. జత చేసిన రెండూ మీరు ముందే సరేనన్నవే. మిగతా వాటికి కూడా మీ ఇద్దరి అంగీకారం మెయిల్‌లో కావాలి. ఒరిజినల్ ఫైళ్లు ఏ మార్పూ లేకుండా మీకు విడిగా ఇస్తాను.

గౌను ఇప్పుడు మీ దగ్గరికి వచ్చేసింది కదా, దాన్ని వేసుకుని మీరిద్దరూ ఒక సాయంత్రం రండి. రిసెప్షన్‌లో వాడిన లైట్లే పెట్టి గంటసేపు షూట్ చేద్దాం. ఆల్బమ్ చివర ఆరు పేజీలు వాటికి ఉంచుతాను. అందులో ఉండేది మీ గౌనే, మీ భుజమే.

రంగు ఏదో, పెద్దగా వేయాల్సిన ఫొటోల నంబర్లు ఏవో శుక్రవారం లోపు పంపితే సోమవారం నుంచి పని మొదలుపెడతాను. షూట్‌కి ఏ రోజు వీలవుతుందో కూడా అందులోనే రాయండి.

ఉంటాను,
కిరణ్