సైట్ తెరిచినప్పుడు పేరు ఎక్కడెక్కడ బయటపడుతుంది?

ప్రశ్న:
అన్నా, te.wikipedia.org తెరిస్తే మొదట పేరుకి ఐపీ అడ్రస్ వెతికే డీఎన్ఎస్, తర్వాత సర్వర్‌తో కనెక్షన్ కలిపే టీసీపీ, ఆపైన దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ అని చదువుకున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. డీఎన్ఎస్‌ని అడిగే డిగ్ కమాండ్ కొడితే ఇలా వచ్చింది:

```
$ dig +short te.wikipedia.org
dyna.wikimedia.org.
103.102.166.224
```

అడిగింది ఒక పేరు, వచ్చింది ఇంకో పేరు. మరి సైట్ అసలుదేనని చూపించే సర్టిఫికెట్‌లో ఏ పేరు ఉండాలి? ఇంకొకటి, అంతా ఎన్‌క్రిప్ట్ అవుతున్నప్పుడు హాస్టల్ వైఫై చూసుకునేవాళ్లకి నేను ఏ సైట్‌కి వెళ్లానో ఎలా తెలుస్తోంది?

జవాబు:
తమ్ముడూ, ఆ రెండో పేరు సీనేమ్. "ఈ పేరుకి అడ్రస్ కావాలంటే ఆ పేరుని అడుగు" అని చెప్పే రికార్డు, అంతే. ఐపీ దొరికాక బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, నువ్వు టైప్ చేసిన పేరునే సర్టిఫికెట్‌తో పోల్చుకుంటుంది. అందులో *.wikipedia.org ఉంటుంది, te దాని కిందికే వస్తుంది. ఇది గట్టిగా పట్టుకో. డీఎన్ఎస్‌లో ఎవరైనా తప్పుడు ఐపీ ఇచ్చి నిన్ను వేరే సర్వర్‌కి పంపినా, ఆ పేరు మీద సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ వాళ్ల దగ్గర ఉండవు. బ్రౌజర్ హెచ్చరిక చూపించి ఆపేస్తుంది.

ఇక హాస్టల్ సంగతి. సైట్ పేరు రెండుసార్లు బయటపడుతుంది. క్యాష్‌లో అడ్రస్ లేకపోతే నీ ప్రశ్న అడ్రస్ వెతికిపెట్టే రిజాల్వర్ అనే సర్వర్‌కి వెళ్తుంది, మామూలుగా యూడీపీ 53 పోర్టులో, ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా. పోస్టుకార్డు లాంటిది, దారిలో ఎవరైనా చదవచ్చు. రిజాల్వర్ రూట్‌ని, .org ని, చివరికి వికీమీడియా నేమ్‌సర్వర్లని అడిగి జవాబు తెస్తుంది.

రెండోసారి టీఎల్ఎస్ మొదట్లోనే. 443 పోర్టులో టీసీపీ కనెక్షన్ కలిపే సిన్, సిన్-యాక్, యాక్ అయ్యాక బ్రౌజర్ క్లయింట్ హలో అనే మొదటి టీఎల్ఎస్ సందేశం పంపుతుంది. ఒకే ఐపీ మీద చాలా సైట్లు ఉండొచ్చు కాబట్టి ఏ సర్టిఫికెట్ ఇవ్వాలో సర్వర్‌కి ముందే తెలియాలి. అందుకే ఆ హలోలోని ఎస్ఎన్ఐ అనే భాగంలో బ్రౌజర్ సైట్ పేరు పెడుతుంది. అప్పటికి కీ ఇంకా తయారవలేదు, అందువల్ల పేరు ఉన్నదున్నట్టే పోతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో ఈ ఫిల్టర్ పెట్టి చూడు:

```
tls.handshake.extensions_server_name
```

2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో అదే హలోలో కీ తయారీకి బ్రౌజర్ ఇచ్చే భాగం, అంటే కీ షేర్ కూడా వెళ్తుంది. సర్వర్ తన షేర్ పంపగానే ఇద్దరి దగ్గరా ఒకే కీ తయారవుతుంది, అక్కడి నుంచి సర్టిఫికెట్‌తో సహా అంతా ఎన్‌క్రిప్టే. 1.2లో సర్టిఫికెట్ కూడా బయటికే కనిపించేది. నువ్వు చదివిన పేజీ, కుకీలు, పాస్‌వర్డ్ మాత్రం రెండింటిలోనూ కనపడవు.

బ్రౌజర్‌లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేస్తే మొదటి లీక్ ఆగుతుంది, రెండోది ఆగదు. దానికి క్లయింట్ హలోలోని పేరుని కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఈసీహెచ్ కావాలి. దాని కీని సైట్‌వాళ్లు డీఎన్ఎస్‌లో పెట్టాలి, బ్రౌజర్ దాన్ని వాడుకోవాలి. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్, ఈసీహెచ్ రెండూ ఉన్నా ఐపీ కనిపిస్తుంది, ఆ ఐపీ ఒక్క సంస్థదే అయితే ఊహించడం కష్టమేం కాదు.