సోమవారం వెరోనా వాళ్లతో మీటింగ్: మన టైము మధ్యాహ్నం 2:30, ఒంటిగంటన్నర కాదు

చీమకుర్తి క్వారీ మేనేజర్ గారికి, మార్కింగ్ మేస్త్రీలకు, గుండ్లాపల్లి కటింగ్ యూనిట్ అన్నలకు, డిస్పాచ్ వాళ్లకు,

నమస్కారం. ఇటలీ ఆఫీసు నుంచి మీటింగ్ పిలుపు నిన్న రాత్రి ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని కింద తెలుగులో పెట్టాను. భారత సమయాలు, అంకెలు రాసే పద్ధతి తప్ప వాళ్లు రాసింది రాసినట్టే ఉంచాను. "నా మాట" అని ఉన్నచోట మాత్రం నేను కలిపింది. పొడుగ్గా ఉందని పక్కన పెట్టకండి. అంతా చదివే తీరిక లేకపోతే టైము గురించిన పేరా, కొలతల గురించిన పేరా ఈ రెండైనా చదవండి.

ఆహ్వానం

ఒంగోలు, చీమకుర్తి సహోద్యోగులకు,

గత నెల వచ్చిన 14 బ్లాక్ గెలాక్సీ బ్లాకుల నాణ్యత, కొలతల పద్ధతి, నవంబరు లోడింగ్ గురించి మాట్లాడుకోవడానికి మిమ్మల్ని ఆన్‌లైన్ సమావేశానికి ఆహ్వానిస్తున్నాం.

తేదీ: 2026 అక్టోబరు 26, సోమవారం
వెరోనా సమయం: ఉదయం 10:00 నుంచి మధ్యాహ్నం 12:00 వరకు
భారత సమయం: మధ్యాహ్నం 2:30 నుంచి సాయంత్రం 4:30 వరకు

నా మాట: ఇక్కడ కాస్త ఆగండి. వాళ్ల ఇంగ్లీషు కాపీలో "10:00 CEST" అని ఉంది, భారత సమయం అసలు లేదు. CEST అంటే వాళ్ల ఎండాకాలపు గడియారం. దానికీ మనకీ తేడా మూడున్నర గంటలు. ఆ లెక్కన మీటింగ్ ఒంటిగంటన్నరకి పడాలి, ఇన్నాళ్లూ పడింది కూడా అప్పుడే. కానీ అక్టోబరు చివరి ఆదివారం, అంటే 25వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకి, యూరప్‌లో గడియారం ముల్లు ఒక గంట వెనక్కి జరుపుతారు. మూడు మళ్లీ రెండవుతుంది. అక్కడి నుంచి వాళ్లది CET, మనకీ వాళ్లకీ తేడా నాలుగున్నర గంటలు. మీటింగ్ ఆ మర్నాడే. రాసినాయన పాత టైము పేరే అలవాటుగా కొట్టేసినట్టున్నారు. అనుమానం వచ్చి నేను ఫోన్ చేసి, "మీ గోడ గడియారంలో పది కొట్టినప్పుడా?" అని అడిగాను. అవునన్నారు. అందుకే పైన 2:30 అని నేనే రాశాను. సరిచేసిన పిలుపు పంపుతామన్నారు. ఈలోపు మీ ఫోన్ క్యాలెండర్‌లో 1:30 అని కనిపించినా నమ్మకండి. గడియారం మార్చుకునేది వాళ్లే, మనం ఏమీ ముట్టుకోనక్కర్లేదు. పోయినేడాది అక్టోబరులో ఇదే తికమకలో మనవాళ్లు గంట ముందే వచ్చి, ఖాళీ స్క్రీన్ ముందు టీలు తాగి కూర్చున్నారు కదా.

ఎవరు రావాలి: క్వారీ మేనేజర్, మార్కింగ్ చేసే ఇద్దరు, కటింగ్ యూనిట్ నుంచి ఒకరు, డిస్పాచ్ బాధ్యులు. మా వైపు నుంచి కొనుగోలు అధికారి, స్లాబుల నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు, రవాణా సమన్వయకర్త ఉంటారు. ఒంగోలు ఆఫీసు దుబాసీగా వ్యవహరిస్తుంది. నోట్స్ కోసం సమావేశాన్ని రికార్డు చేస్తాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముందే చెప్పండి.

నా మాట: దుబాసీని నేనే. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెప్పేసరికి ప్రతి మాటకీ రెట్టింపు టైము పడుతుంది. అందుకే గంట మీటింగ్‌ని రెండు గంటలు చేయించాను. రెండు మూడు వాక్యాలకి ఒకసారి ఆగండి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నేను చెప్పలేను.

సమావేశంలో చర్చించే అంశాలు

1. పరిచయాలు, హాజరు. వెరోనా 10:00, భారత్ 2:30. పది నిమిషాలు.

2. స్లాబుల్లో సన్నటి పగుళ్లు. వెరోనా 10:10, భారత్ 2:40. ముప్ఫై ఐదు నిమిషాలు.

14 బ్లాకుల్లో 3 బ్లాకులు కోసిన తర్వాత స్లాబుల మీద సన్నటి పగుళ్లు బయటపడ్డాయి. మొదట ఫోటోలు చూపిస్తాం. ఈ పగుళ్లు క్వారీలో బ్లాకు తీసేటప్పుడే ఉన్నాయా, దారిలో వచ్చాయా, మా దగ్గర కోతలో వచ్చాయా అన్నది మీతో కలిసి తేల్చుకోవాలని మా ఉద్దేశం. లోడింగ్‌కి ముందు మీరు బ్లాకును ఎలా పరీక్షిస్తారో దయచేసి దశలవారీగా వివరించండి. నష్టం సర్దుబాటు గురించి కూడా మాట్లాడాలి.

నా మాట: ఇవి మనం హెయిర్ క్రాకులు అనేవే. నష్టం సర్దుబాటు అని రాసినచోట ఇంగ్లీషులో "క్లెయిమ్" అని ఉంది. ఆ మాట వినగానే కోర్టు, నోటీసు అని టెన్షన్ పడొద్దు. అడిగి కనుక్కున్నాను, వచ్చే బిల్లులో తగ్గింపు అడుగుతున్నారు, అంతే. పరీక్ష ఎలా చేస్తామో మేస్త్రి గారే చెబితే బాగుంటుంది. బ్లాకు మీద నీళ్లు కొట్టి, ఆరేదాకా చూసి, మిగతా రాయి ఆరిపోయినా గీతలాగా తడి నిలిచిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టడం ఉంది కదా, అది వాళ్లు ఎప్పుడూ చూడలేదు. మాటల్లో చెప్పేకన్నా ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి నాకు పంపండి, మీటింగ్‌లో వేసి చూపిస్తాను. ఎండ నెత్తి మీదికి రాకముందే తీయండి. మిట్టమధ్యాహ్నం తడి ఇట్టే ఆరిపోతుంది, గీత కనపడదు.

3. కొలతల పద్ధతి. వెరోనా 10:45, భారత్ 3:15. ఇరవై నిమిషాలు.

మీ కొలతల జాబితాకూ మేము ఇక్కడ మళ్లీ కొలిచిన దానికీ కొన్ని బ్లాకుల్లో తేడా వచ్చింది. ఉదాహరణకు 7వ నంబరు బ్లాకు: పొడవు 2.85, వెడల్పు 1.60, ఎత్తు 1.45 మీటర్లు, మొత్తం 6.612 ఘనపు మీటర్లు. ఒప్పందం ప్రకారం మూడు కొలతల్లోనూ 5 సెంటీమీటర్ల చొప్పున తీసేస్తే నికరం 6.076 అవుతుంది. మీ జాబితాలో నికరం కింద కూడా 6.612 అనే ఉంది. ఏటవాలుగా ఉన్న ముఖాన్ని ఎక్కడి నుంచి కొలవాలో కూడా నిర్ణయించుకుందాం.

నా మాట: అంకెలన్నీ మన పద్ధతిలోకి మార్చి రాశాను. వాళ్ల కాగితంలో 2,85 అని కామాతో ఉంటుంది. మనం చుక్క పెట్టేచోట ఇటలీలో కామా పెడతారు, వేలు విడదీయడానికి మనం కామా పెట్టేచోట వాళ్లు చుక్క పెడతారు. కంటైనర్ బరువు దగ్గర 26.400 కిలోలు అని ఉంటే అది ఇరవై ఆరువేల నాలుగు వందల కిలోలు. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఇదేంటి, ఇరవై ఆరున్నర కిలోలకి కంటైనర్ ఎందుకు అనుకున్నాను. సోమవారం వాళ్లు స్క్రీన్ మీద పెట్టే షీట్ ఇటలీ అంకెలతోనే ఉంటుంది. కామా కనపడితే చుక్క అనుకుని చదవండి.

ఇక అసలు సంగతి. తేడా 0.536 ఘనపు మీటర్లు. మన రాయి ఘనపు మీటరుకి ఇంచుమించు మూడు టన్నులు తూగుతుంది కాబట్టి ఒక్క బ్లాకు మీదే ఒకటిన్నర టన్ను పైమాట. జాబితా టైపు చేసినప్పుడు గ్రాస్ కాలమ్‌లోదే నెట్‌లోకి కాపీ అయిపోయిందని నా అనుమానం. మార్కింగ్ పుస్తకంలో ఏముందో మేస్త్రి గారు శుక్రవారంలోపు చూసి చెబితే, పొరపాటు మనదే అయితే మీటింగ్‌లో మనమే ముందు చెప్పేద్దాం. వాళ్లు పట్టుకుని చూపించేకంటే అది నయం.

4. విరామం. వెరోనా 11:05, భారత్ 3:35. పది నిమిషాలు.

5. నవంబరు లోడింగ్. వెరోనా 11:15, భారత్ 3:45. ఇరవై ఐదు నిమిషాలు.

చెన్నై రేవు నుంచి నవంబరు రెండో వారంలో తదుపరి సరుకు బయలుదేరాలి. బ్లాకుల కింద, పక్కల వేసే చెక్క దుంగలన్నిటికీ వేడి శుద్ధి ముద్ర తప్పనిసరి. ముద్ర లేని చెక్క ఒక్కటి ఉన్నా సరుకు మా రేవులో ఆగిపోవచ్చు. వర్షాల వల్ల ఆలస్యం అయ్యే అవకాశం ఉంటే ఎన్ని రోజులో ముందే అంచనా చెప్పండి.

నా మాట: చెక్క లోపలి గుజ్జు దాకా 56 డిగ్రీల వేడి తగిలేలా అరగంట ఉంచి, హెచ్‌టీ అని ముద్ర కొట్టినవే వాడాలి. షెడ్డు వెనక పడి ఉన్న పాత దుంగలు తీసుకోవద్దు. వానల సంగతి వాళ్లకి తెలియదు. ఇటలీలో మాన్సూన్ అంటే జూన్, జులై అనే అనుకుంటారు. మనకి ఈశాన్య రుతుపవనాలు దిగేది సరిగ్గా ఇప్పుడేనని, వాయుగుండం పట్టిందంటే గుంతలో నీళ్లు తోడటానికే రోజులు పడుతుందని మేనేజర్ గారు వివరించాలి. నాలుగైదు రోజులు ఎక్కువే అడగండి.

6. తదుపరి సమావేశం, మరేమైనా విషయాలు. వెరోనా 11:40, భారత్ 4:10. ఇరవై నిమిషాలు.

ఇకపై రెండు వారాలకు ఒకసారి సోమవారం ఇదే సమయానికి కలుసుకోవాలని ప్రతిపాదిస్తున్నాం. తదుపరి సమావేశం నవంబరు 9.

నా మాట: "మరేమైనా విషయాలు" అన్నచోట ఇంగ్లీషులో బిజినెస్ అనే మాట ఉంది. కొత్త ఆర్డరేదో ఇస్తున్నారని ఆశపడకండి. ఎజెండాలో లేనివి ఏమైనా ఉంటే చివర్లో చెప్పుకోవడానికి వాళ్లు వాడే మాట అది. నవంబరు 8 ఆదివారం దీపావళి. మర్నాడు సగంమంది ఊళ్లలోనే ఉంటారు కాబట్టి 10వ తేదీ మంగళవారం పెట్టమని అడుగుతాను. మీకు కుదరకపోతే చెప్పండి. వాళ్ల పది గంటలు మనకి రెండున్నర అవడం 2027 మార్చి 27 దాకా. మార్చి 28 ఆదివారం వాళ్లు ముల్లు ముందుకి జరిపితే మళ్లీ ఒంటిగంటన్నరే.

జవాబు: ఎవరెవరు వస్తారో, ఏ అంశం చేర్చాలో అక్టోబరు 23 శుక్రవారం పని వేళలు ముగిసేలోపు తెలియజేయండి.

నా మాట: వాళ్ల పని వేళలు సాయంత్రం ఆరు దాకా. శుక్రవారానికి ఇంకా పాత గడియారమే కాబట్టి అది మనకి రాత్రి 9:30. శుక్రవారానికి మూడున్నర గంటల లెక్క, సోమవారానికి నాలుగున్నర గంటల లెక్క, కలపకండి. నాకు మాత్రం ఐదింటికల్లా చెప్పండి, నేను మళ్లీ ఇంగ్లీషులో రాయాలి కదా.

కూర్చునేది చీమకుర్తి ఆఫీసులో పెద్ద టీవీ ఉన్న గదిలో. క్వారీ అంచున నిలబడి ఫోన్‌లో కలవొద్దు, కంప్రెసర్ మోత తప్ప అటువైపు ఏమీ వినపడదు. గుండ్లాపల్లి వాళ్లు యూనిట్ నుంచే కలవొచ్చు. లింక్ సోమవారం ఉదయం గ్రూపులో పెడతాను. భోజనాలు రెండింటికల్లా కానిచ్చి, 2:20కి గదిలో ఉండండి. మార్కింగ్ పుస్తకం, 7వ నంబరు బ్లాకు ఫోటోలు వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
ఎగుమతి పత్రాల విభాగం, ఒంగోలు ఆఫీసు