హెపటైటిస్ బి సూదులు: ఎవరికి ఏ తేదీన

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడి నర్సింగ్ హోమ్ స్టాఫ్ అందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసుల తేదీలు రాస్తున్నాను, ఈ మెసేజ్ పోగొట్టుకోకండి. కార్డుల మీద కూడా ఇవే తేదీలు వేస్తాం.

లెక్క మొదటి సూది వేసిన రోజు నుంచి. రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. ఆ ఆరు నెలలు కూడా మొదటి సూది నుంచే, రెండో దాని నుంచి కాదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, రెండోది అయ్యాక ఇంకో ఆరు నెలలు అనుకుని నెల ఆలస్యం చేస్తారు.

వార్డు సిస్టర్లకి మొదటి డోసు 2026 ఆగస్టు 29, శనివారం. రెండోది సెప్టెంబరు 29, మంగళవారం. మూడోది ఫిబ్రవరి 29న రావాలి కానీ 2027లో ఫిబ్రవరికి 28 రోజులే, అది కూడా ఆదివారం, కాబట్టి మార్చి 1, సోమవారం.

ల్యాబ్ వాళ్ళకి ఆగస్టు 31, సోమవారం మొదలు. సెప్టెంబరులో 31 లేదు కాబట్టి రెండోది సెప్టెంబరు 30, బుధవారం. మూడోది లెక్క ప్రకారం ఫిబ్రవరి 28, ఆదివారం, అంటే మీకూ మార్చి 1.

ఆయాలు, స్వీపర్లకి సెప్టెంబరు 1, మంగళవారం. రెండోది అక్టోబరు 1, గురువారం, మర్నాడు గాంధీ జయంతి సెలవు కాబట్టి ఆ రోజే వచ్చేయండి. మూడోది మార్చి 1. అంటే మూడు బ్యాచ్‌లకీ మూడో డోసు ఒకే రోజు పడింది, టీకా సరిపడా ముందే తెప్పించి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతాం. గడ్డకట్టిన టీకా పనికిరాదు, దయచేసి ఎవరూ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

కొత్తగా చేరే నైట్ డ్యూటీ వాళ్ళకి అక్టోబరు 31, శనివారం. రెండోది నవంబరు 30, సోమవారం, మూడోది 2027 ఏప్రిల్ 30, శుక్రవారం. ఈ రెండు నెలలకీ 30 రోజులే.

నెల చివర్లో మొదలుపెట్టేవాళ్ళకి పద్ధతి ఇదే: వచ్చే నెలలో ఆ తేదీ లేకపోతే ఆ నెల ఆఖరి రోజు, అది ఆదివారమైతే సోమవారం. ముందు రోజుకి లాగం, తర్వాత రోజుకి జరుపుతాం. మొదటి, రెండో డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి. జనవరి 31న మొదలుపెడితే ఫిబ్రవరి 28కి సరిగ్గా 28 రోజులు, ఇంకొక్కరోజు ముందు వేసినా 27 అయిపోతుంది.

రిసెప్షన్‌లో షీటు చూసే తమ్ముడూ, మొదటి తేదీ B2లో ఉంటే ఈ రెండూ వాడు, 30, 180 కలపొద్దు:

```
=EDATE(B2,1)
=EDATE(B2,6)
```

రెండో డోసు గడికి 5 నెలలు కలిపి మూడోది తీయొద్దు. జనవరి 31 వాళ్ళకి అలా చేస్తే ఫిబ్రవరి 28 నుంచి జూలై 28 వస్తుంది, రావలసింది జూలై 31. ఆదివారం సంగతి షీటు చూడదు, నువ్వే చూసుకోవాలి.

డేట్ దాటిపోతే భయపడొద్దు, మళ్ళీ మొదటి నుంచి వెయ్యక్కర్లేదు, ఆగినచోట నుంచి కొనసాగిస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన గజపతి జిల్లాలో ఏం జరిగిందో అందరికీ గుర్తే, అలా రోడ్లు మూసుకుపోతే పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళు గానీ కొండ ఊళ్ళవాళ్ళు గానీ నీళ్ళలో దిగి రావొద్దు, దారి తెరుచుకున్నాక రండి. రెండోది ఆలస్యమైనా మూడో తేదీ మారదు, రెండో దాని తర్వాత కనీసం 8 వారాలు గడిస్తే చాలు.

సూది భుజానికే వేస్తాం, పెద్దవాళ్ళకి 20 మైక్రోగ్రాములు. ఆ రోజు గట్టి జ్వరం ఉంటే ముందే చెప్పండి.

స్వీపర్ అమ్మలకి ఒక మాట. వార్డులో వాడిన సూదులు పొరపాటున చెత్తలో పడితే ముందు గుచ్చుకునేది మీ చేతికే, అందుకే మీ కార్డులు నేనే స్వయంగా చూస్తాను. ఒక డోసు పడింది కదా అని ధీమా వద్దు, మూడూ పడితేనే నూటికి 90 మందికి పైగా రక్షణ వస్తుంది. సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్ళతో కడిగి వెంటనే చెప్పండి, రాత్రయినా సరే. ఎవరూ తిట్టరు. 24 గంటల్లోపు చెయ్యాల్సిన వైద్యం ఉంటుంది.

మార్చి 1న మూడోది వేసుకున్నవాళ్ళు ఏప్రిల్ 1 నుంచి మే 1 లోపు ల్యాబ్‌లో పరీక్షకి రక్తం ఇవ్వండి. యాంటీ హెచ్‌బీఎస్ అనే యాంటీబాడీ మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టే. అంతకంటే తక్కువొస్తే డాక్టరుగారు మళ్ళీ డోసులు రాస్తారు. నైట్ డ్యూటీ వాళ్ళు మే 30, జూన్ 30 మధ్య ఇవ్వాలి.

తేదీ కుదరనివాళ్ళు రెండు రోజుల ముందే నాకు ఫోన్ చేయండి, మీ డ్యూటీ మారుస్తాను.