డెబిట్ నోట్

నంబరు: 14 / 2025-26
తేదీ: 16-10-2025

ఇచ్చినవారు: టైల్స్, శానిటరీ షాపు, తెనాలి
ఎవరికి: టైల్స్ డిస్ట్రిబ్యూటరు గారికి, విజయవాడ
(జీఎస్టీ నంబర్లు ఇన్వాయిస్‌లో ఉన్నవే)

సంబంధించిన బిల్లు: మీ ఇన్వాయిస్ 1187, తేదీ 10-10-2025, పన్నుతో కలిపి రూ. 1,09,504.00
వాపసు: డెలివరీ చలాన్ 22, తేదీ 15-10-2025

అయ్యా,

పై ఇన్వాయిస్ సరుకు 11వ తేదీ సాయంత్రం దిగింది. అందులో దెబ్బతిన్నవి మీ లారీలోనే వెనక్కి పంపాం. వాటి విలువ మీ ఖాతాకు ఈ కింది విధంగా డెబిట్ చేస్తున్నాం.

1. టూ బై టూ విట్రిఫైడ్ ఫ్లోర్ టైల్స్: 120 పెట్టెల్లో వాపసు 9. ఒక్కోటి రూ. 540 చొప్పున 4,860.00
2. 12×18 బాత్‌రూమ్ వాల్ టైల్స్: 80 పెట్టెల్లో వాపసు 7. ఒక్కోటి రూ. 220 చొప్పున 1,540.00
3. టైల్ అడెసివ్, 20 కిలోల బస్తాలు: 40లో వాపసు 6. ఒక్కోటి రూ. 260 చొప్పున 1,560.00

సరుకు విలువ: 7,960.00
సీజీఎస్టీ 9%: 716.40
ఎస్‌జీఎస్టీ 9%: 716.40
మొత్తం డెబిట్: రూ. 9,392.80
(అక్షరాలా తొమ్మిది వేల మూడు వందల తొంభై రెండు రూపాయల ఎనభై పైసలు)

కారణాలు: ఫ్లోర్ టైల్స్ పెట్టెలు 14 మూలలు నలిగి వచ్చాయి. ఒక్కోటీ విప్పి చూస్తే 56 పలకల్లో 36 మూల విరిగినవో, అంచు చెక్కు లేచినవో ఉన్నాయి. మిగిలిన 20 బాగున్నాయి, వాటిని 5 పెట్టెలుగా సర్ది మేమే ఉంచుకున్నాం. అందుకే వాపసు 9 పెట్టెలే. వాల్ టైల్స్‌కి మధ్యలో కాగితం పెట్టలేదు, ఒకదానికొకటి రాసుకుని గ్లేజు మీద గీతలు పడ్డాయి. వెలుతురులో వంచి చూస్తే తెలుస్తాయి. గోడకి అంటించాక కస్టమర్ మమ్మల్నే అడుగుతాడు. ఇక అడెసివ్ సంగతి: లారీ టార్పాలిన్ చిరిగి ఉంది, దారిలో వాన పడింది. ఆరు బస్తాలూ రాయిలా గడ్డకట్టాయి. దించేటప్పుడే డ్రైవరు ఎల్‌ఆర్ మీద ఈ సంగతి రాసి సంతకం చేశాడు. ఆ కాపీ, ఫోటోలు జత చేశాం.

సర్దుబాటు: 30 రోజుల గడువు నవంబరు 9, ఆదివారం పడింది కాబట్టి 10న చెల్లిస్తాం. రూ. 1,09,504.00లో రూ. 9,392.80 పోను రూ. 1,00,111.20 మీ బ్యాంకు ఖాతాకు వేస్తాం. వాపసు సరుకు ఎక్కించిన హమాలీ మేమే పెట్టుకున్నాం, ఇందులో కలపలేదు.

ఈ నోట్ ఆధారంగా మీరు క్రెడిట్ నోట్ ఇచ్చి, అక్టోబరు జీఎస్టీఆర్-1లో చూపించండి. మేం తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో రూ. 1,432.80 రివర్స్ చేస్తాం. లెక్కలో తేడా కనిపిస్తే ఈ నెల 25లోపు చెప్పండి. బదులు సరుకు ఇప్పుడు పంపవద్దు. కావలసి వస్తే కొత్త ఆర్డరు వేస్తాం, ఈసారి టార్పాలిన్ చూసి పంపండి.

ప్రొప్రైటరు సంతకం, షాపు ముద్ర

జత: డెలివరీ చలాన్ 22, ఎల్‌ఆర్ కాపీ, ఫోటోలు 11